పితృత్వ సెలవు, ఆ తర్వాత పని వేళల మార్పు కోసం విన్నపం

తేదీ: జూన్ 11, 2025, బుధవారం
ప్లాంట్ మేనేజర్ గారికి
కాపీ: హెచ్ఆర్ విభాగం
విషయం: 15 పనిదినాల సెలవు, జూన్ 25 నుంచి ఆగస్టు 9 వరకు పని వేళల మార్పు

నమస్కారం సార్,

సోమవారం, జూన్ 9 తెల్లవారుజామున మాకు పాప పుట్టింది. జూన్ 30 అని తేదీ ఇచ్చారు కానీ 37 వారాలకే సిజేరియన్ చేయాల్సి వచ్చింది. పాప బరువు 2.6 కిలోలు. తల్లీబిడ్డలు ఇద్దరూ బాగున్నారు. శుక్రవారం, 13న డిశ్చార్జ్ చేస్తామన్నారు. 9, 10 తేదీలకు ఫోన్‌లో అడగగానే క్యాజువల్ లీవ్ ఇచ్చారు, కృతజ్ఞతలు.

వచ్చే వారం ఎదురుగా కూర్చుని మాట్లాడి, నా పనులన్నీ అప్పగించి సెలవు పెడదామనుకున్నాను. కాన్పు ముందే కావడంతో అప్పగింత సగంలో ఆగింది. అందుకే సెలవు వివరాలతో పాటు ఆ మిగిలిన సగం కూడా ఇందులోనే రాస్తున్నాను. కాస్త పొడవైంది, ఓపిగ్గా చదవగలరు.

నేను కోరుతున్న సెలవు మొత్తం 15 పనిదినాలు. మన పాలసీలో ఉన్న పితృత్వ సెలవు 10 రోజులు, మిగతా 5 నా ఎర్న్డ్ లీవ్ నుంచి. వీటిలో 12 రోజులు ఒకే విడతగా, ఈరోజు నుంచి మంగళవారం, జూన్ 24 వరకు. మిగతా మూడింటిని జులై 14, 15, 21 తేదీలకు విడిగా ఉంచమని కోరుతున్నాను. 25 నుంచి మా అమ్మ వచ్చి జులై 12 దాకా మాతో ఉంటుంది. ఆమె వెళ్లాక వచ్చే మొదటి రెండు పనిదినాలు 14, 15. జులై 21కి పాపకు ఆరు వారాలు నిండుతాయి. ఆ రోజు పాప టీకాలు, తల్లి చెకప్ రెండూ ఉన్నాయి. పితృత్వ సెలవును విడదీయడం కుదరదని హెచ్ఆర్ అంటే, ఆ 10 రోజులూ ఈ విడతలోనే తీసుకుని, విడి రోజులను ఎర్న్డ్ లీవ్‌లో చూపిస్తాను. మొత్తం మారదు.

ఈ రెండు వారాలే ఎందుకు కావాలో చెప్పాలి. సిజేరియన్ అంటే పొట్ట కోసి చేసిన ఆపరేషన్. ఆరు వారాల పాటు పాప కంటే బరువైనదేదీ ఎత్తకూడదని డాక్టర్ చెప్పారు. మొదటి రోజుల్లో మంచం మీద నుంచి లేవాలన్నా ఒకరు పట్టుకోవాలి. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. 37 వారాలకే పుట్టిన పాప కాబట్టి పాలు తాగుతూనే నిద్రలోకి జారుతుంది. ఆకలేసి తనే లేస్తుందిలే అని వదిలేయకుండా, మూడు గంటలకు మించి గడవకుండా లేపి పట్టాలి. పాలు చాలకపోతే బరువు తగ్గడమే కాదు, కామెర్లు కూడా పెరుగుతాయి. నెలలు నిండిన పిల్లల్లో కామెర్లు సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య ఎక్కువగా కనిపిస్తాయి, కాస్త ముందు పుట్టిన పిల్లల్లో ఇంకొంచెం ఆలస్యంగా. అంటే ఆ సమయం డిశ్చార్జ్ అయ్యి ఇంటికి వెళ్లిన వెంటనే వస్తుంది. పుట్టిన బరువుకు పాప రెండు వారాల్లో తిరిగి చేరాలి. అందుకే 16న ఒకసారి, 23న ఒకసారి బరువు, కామెర్లు చూపించడానికి రమ్మన్నారు. పాలు పట్టిన వేళలు, తడిసిన గుడ్డల లెక్క రాసి తీసుకెళ్లాలి. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు తడవాలి. 24 వరకు ఇంట్లో మేం ఇద్దరమే. ఈ పని వాయిదా వేయడానికి వీల్లేనిది, నా భార్య ఒక్కతే చేయగలిగిందీ కాదు.

ఇక ప్లాంట్ విషయం. నా సెలవులో యుటిలిటీ బాధ్యత బి షిఫ్ట్ ఇన్‌చార్జ్ రమేశ్ తీసుకుంటానన్నాడు. నిన్న ఫోన్‌లో గంటసేపు మాట్లాడుకున్నాం. ఈ రెండు వారాలూ ఆయన్ని జనరల్ షిఫ్ట్‌కు మార్చి, బి షిఫ్ట్‌ను సీనియర్ టెక్నీషియన్‌కు ఇవ్వాలి. దీనికి మీ ఆర్డర్ అవసరం. రమేశ్‌కు అన్ని పనులూ తెలుసు. అయినా నాకు దిగులు పెడుతున్నవి మూడున్నాయి.

మొదటిది సాఫ్ట్‌నర్. ముడి నీటి హార్డ్‌నెస్ ఇప్పుడు 400 పీపీఎం. మన 150 లీటర్ల రెసిన్ ఆ నీటిలో దాదాపు 20 క్యూబిక్ మీటర్ల దాకా పనిచేస్తుంది. రోజుకు 10 వాడుతున్నాం కాబట్టి రెండు రోజులకోసారి రీజనరేషన్, ఒక్కోసారి 24 కిలోల ఉప్పు. ముడి నీరు 500కి పెరిగితే ఆ 20 కాస్తా 16కి పడిపోతుంది. అప్పుడు రోజుల లెక్క పనికిరాదు, వాటర్ మీటర్ చూసే చేయాలి. ఇంకో ప్రమాదం: బ్రైన్ ట్యాంకులో ఉప్పు పైన గట్టి పొరలా కట్టి కింద ఖాళీ అవుతుంది. పైనుంచి చూస్తే ట్యాంకు నిండుగానే ఉంటుంది, బ్రైన్ మాత్రం పలచగా వస్తుంది. రీజనరేషన్ చేశామని లాగ్‌బుక్‌లో రాసి ఉంటుంది, హార్డ్‌నెస్ మాత్రం దిగదు. ప్రతిసారీ ఉప్పు వేసే ముందు కర్రతో అడుగుదాకా పొడిచి చూడాలి. సాఫ్ట్‌నర్ బయటికొచ్చే నీరు 5 పీపీఎం దాటితే ఆ నీటిని ఫీడ్ ట్యాంకులోకి వదలకూడదు. ట్యూబుల మీద పొలుసు కట్టాక దించడం చాలా కష్టం.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, బాయిలర్ లో-వాటర్ ట్రిప్. షిఫ్ట్‌కు ఒకసారి ఫ్లోట్ చాంబర్ బ్లోడౌన్ చేసి, బర్నర్ నిజంగా ఆగుతుందో లేదో కళ్లతో చూడాలి. చాంబర్‌లో బురద చేరితే ఫ్లోట్ పైనే ఇరుక్కుంటుంది. డ్రమ్‌లో నీళ్లు తగ్గినా మంట ఆగదు. పరీక్షలో బర్నర్ ఆగకపోతే బాయిలర్ బంద్ చేయాల్సిందే. ప్రొడక్షన్ ఎంత తొందరపెట్టినా మళ్లీ వెలిగించకూడదు. ఈ విషయంలో రమేశ్ మాటే చివరిదని మీరే ఒక లైన్ రాసి లాగ్‌బుక్‌లో అతికించమని నా విన్నపం. బాయిలర్ నీటి టీడీఎస్ 3000 దాటకుండా రోజూ చూసుకుంటే చాలు, అది అందరికీ అలవాటే.

మూడోది కంప్రెసర్ ఆయిల్. మీటర్ ఈ ఉదయం 3,880 గంటల దగ్గరుంది. 4,000కి మార్చాలి. రోజుకు 16 గంటల లెక్కన ఆ గడువు 19న, షిఫ్ట్ మధ్యలో వస్తుంది. అంతదాకా ఆగకుండా ఆదివారం, 15న మార్చేస్తే లైన్ ఆపనవసరం లేదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ స్టోర్స్‌లో ఉన్నాయి. సెపరేటర్ ఎలిమెంట్ మాత్రం 13న రావాలి. శుక్రవారం మధ్యాహ్నానికి రాకపోతే ఆయిల్, ఫిల్టర్ మార్చేసి సెపరేటర్‌ను వచ్చే ఆదివారానికి పెట్టుకోవచ్చు. నూనె కొంచెం వేడిగా ఉన్నప్పుడే తీయాలి, అంతకుముందు ట్యాంకులో ప్రెషర్ సున్నాకి వచ్చిందో లేదో గేజ్ మీద చూడాలి. ఆ రోజే ఆటో డ్రెయిన్లు విప్పి కడిగితే మంచిది. అవి మూసుకుపోతే గాలి లైన్లలోకి నీళ్లు వెళ్లి ప్యాకింగ్ మిషన్ల సిలిండర్లు పట్టేస్తాయి.

జూన్ 25, బుధవారం డ్యూటీలో చేరతాను. అప్పటి నుంచి ఆగస్టు 9 వరకు, అంటే పాపకు రెండు నెలలు నిండేదాకా, నా వేళలను 8:30-5:30 బదులు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3:30కి మార్చమని కోరుతున్నాను. భోజన విరామాన్ని గంట నుంచి అరగంటకు తగ్గించుకుంటాను కాబట్టి పని 8 గంటలూ పూర్తవుతుంది. ప్రొడక్షన్‌కు ఆవిరి వెళ్లేది 7:30కి. అంతకుముందే నీటి శాంపిళ్లు నేనే చూడగలను, ఇప్పుడు ఆ పని ఆవిరి వదిలాకే జరుగుతోంది. 2 గంటలకు వచ్చే బి షిఫ్ట్‌తో గంటన్నర కలిసి ఉంటాను. కుదరనిది ఒకటే, సాయంత్రం 4:30 ప్లానింగ్ మీటింగ్. దానికి ఫోన్‌లో వస్తాను, లేదంటే నా పాయింట్లు 3 గంటలకల్లా రాసి పంపుతాను.

మంగళ, శుక్రవారాల్లో 12 గంటల వరకు ప్లాంట్‌లో ఉండి, 2 నుంచి 5 వరకు ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. ప్రివెంటివ్ మెయింటెనెన్స్ షెడ్యూల్, స్పేర్ల ఇండెంట్లు, నెలవారీ ఇంధన నివేదిక ఎలాగూ కంప్యూటర్ ముందు చేసే పనులే, వాటిని ఆ రోజులకు పెట్టుకుంటాను. ఆ గంటల్లో ఏదైనా బ్రేక్‌డౌన్ అయితే ముప్పావు గంటలో ప్లాంట్‌కు చేరుకోగలను.

ఒక భద్రతా విషయం కూడా మీ ముందుంచాలి. రాత్రి 9 నుంచి 2 వరకు పాపను నేను చూసుకుంటాను, ఆ తర్వాత నా భార్య. అలా అయితే ఇద్దరికీ విడివిడిగానైనా కొంత నిద్ర దొరుకుతుంది. అయినా కొన్ని రాత్రులు నాలుగు గంటలు కూడా పడుకోలేను. అలాంటి రోజు నేను ప్యానెల్ ఐసొలేషన్ చేయడం, కన్ఫైన్డ్ స్పేస్ పర్మిట్ మీద సంతకం పెట్టడం సరికాదు. ఒక బ్రేకర్ బదులు పక్క బ్రేకర్‌కు తాళం వేయడానికి ఆ నిద్రమత్తు చాలు. ఐదు గంటల కంటే తక్కువ నిద్రపోతే ఉదయం 7కే చెప్పేస్తాను. ఆ రోజు పర్మిట్లు రమేశ్ చూసేలా ఏర్పాటు చేయండి. రాత్రి కాల్స్ నుంచి జులై 12 వరకు పూర్తిగా మినహాయించండి, ఆ తర్వాత వారం విడిచి వారం తీసుకుంటాను. జులై 27 ఆదివారం బాయిలర్ షట్‌డౌన్‌కు మాత్రం రోజంతా ఉంటాను. ఆ ముందు రాత్రి పాపను చూసుకోవడానికి మా అత్తగారు వస్తున్నారు.

వేళల మార్పు మొత్తం కుదరదనుకుంటే, 7 నుంచి 3:30 వేళలు నాకు అన్నిటికంటే అవసరం. ఇంటి నుంచి చేసే పూటలను వారానికి ఒకటికి తగ్గించినా సర్దుకోగలను. జులై 12న ఒకసారి కూర్చుని ఏది నడుస్తోంది, ఏది నడవడం లేదు చూసి మార్చుకుందాం.

సెలవులో ఉదయం 10 నుంచి 11 వరకు ఫోన్ ఎత్తుతాను, మిగతా వేళల్లో మెసేజ్ పెడితే సాయంత్రానికి జవాబిస్తాను. లో-వాటర్ ట్రిప్ పనిచేయకపోతే మాత్రం ఏ వేళైనా రమేశ్ నేరుగా ఫోన్ చేయవచ్చు.

పోర్టల్‌లో లీవ్ దరఖాస్తు ఈరోజే పెట్టాను. డిశ్చార్జ్ సమ్మరీ 13న, పుట్టిన తేదీ ధ్రువపత్రం చేతికి రాగానే హెచ్ఆర్‌కు పంపుతాను. రమేశ్ షిఫ్ట్ మార్పు గురించి రేపటిలోగా, మిగతా వాటి గురించి శుక్రవారంలోగా తెలియజేయగలరు.

మీ విధేయుడు,
రవికుమార్
యుటిలిటీ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్