స్వాతి సిద్ధాంత గ్రంథం రచన గురించి పర్యవేక్షకుడి లేఖ

హైదరాబాద్,
9 జూన్ 2025

అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ చైర్‌పర్సన్ గారికి,

నమస్కారం.

మా శాఖ పరిశోధక విద్యార్థిని కె. స్వాతి సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం 71 శాతం ‘ఏఐ రాసినది’ అని రిపోర్టు వచ్చిందనీ, అందువల్ల గ్రంథాన్ని పరీక్షకులకు పంపకుండా ఆపామనీ మీ కార్యాలయం తెలియజేసింది. ఆ గ్రంథం ఆమె సొంత రచన అని ధ్రువపత్రం మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే. కాబట్టి ఈ ప్రశ్నకు ఆమెతో పాటు నేనూ జవాబుదారీనే. ఆ అధ్యాయం స్వాతే రాసింది. అలా ఎందుకు చెప్పగలుగుతున్నానో వివరిస్తాను.

ముందు ఆ అధ్యాయం ఏమిటో చెప్పాలి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతకారుల వాడుకలో ఉన్న 212 వృత్తి పదాల అర్థవివరణ అది. నాడె, కండె, ఆసు, చిటికి వంటి మాటలు. ప్రతి ఆరోపంలోనూ, అంటే ఒక్కో పదానికి రాసిన వివరణలో, మొదట వస్తువు ఏమిటో, తర్వాత దేనితో చేస్తారో, ఆ తర్వాత ఎందుకు వాడతారో వస్తుంది. 212 సార్లు అదే వరస. ఇలాగే రాయాలని పట్టుబట్టింది నేను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1971లో వచ్చిన చేనేత వృత్తి పదకోశాన్ని ఆమె చేతికిచ్చి, ‘నిర్వచనంలో నీ గొంతు వినబడకూడదు’ అన్నాను. మొదట్లో ఆమె రాసిన వివరణల్లో కొంత కవిత్వం ఉండేది. పడుగు గురించి రాస్తూ వాళ్లమ్మ గురించి రాసేది. అదంతా ఎర్రసిరాతో కొట్టేశాను. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ వచ్చి ఇందులో మనిషి గొంతు లేదంటోంది. ఆ తప్పు ఎవరిదైనా ఉంటే నాదే.

ఇలాంటి సాధనాలు ఎవరు రాశారో చూడవు, చూడలేవు. ఒక మాట తర్వాత ఏ మాట రాబోతోందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు, వాక్యాల పొడవులో హెచ్చుతగ్గులు ఎంత ఉన్నాయి వంటి లక్షణాలను కొలిచి ఒక అంచనా ఇస్తాయి. పదకోశంలో ప్రతి వాక్యమూ ఊహించగలిగేదే, అలా ఉండడమే దానికి అందం. సందేహం తీర్చుకోవడానికి, 1999లో ఒక సంకలనం కోసం నేను రాసిన కుమ్మరి వృత్తి పదాల వ్యాసాన్ని మన గ్రంథాలయంలో అదే సాధనానికి ఇప్పించాను. 64 శాతం ఏఐ అని వచ్చింది. ఆ వ్యాసం రాసేనాటికి నా దగ్గర కంప్యూటరే లేదు.

ఛాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో తానే ఒక గుర్తింపు సాధనాన్ని విడుదల చేసి, ఖచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకుంది. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు సాధనాలతో పరీక్షిస్తే, అవి సగటున సగానికి పైగా వ్యాసాలను యంత్రం రాసినవిగా తప్పుపట్టాయి. ఇది ఇంగ్లీషు సంగతి. తెలుగు విషయంలో తన పొరపాటు ఎంత ఉండొచ్చో మనకొచ్చిన రిపోర్టులో ఒక్క వాక్యమైనా లేదు.

రెండో అభియోగం నాకు మరింత బాధ కలిగించింది. ఫైల్ వివరాల్లో ‘మొత్తం ఎడిటింగ్ సమయం 3 గంటల 10 నిమిషాలు’ అని ఉందట, ఇంత పెద్ద గ్రంథం అంతలో ఎలా తయారైందని ప్రశ్న. స్వాతి తన గ్రంథాన్ని నోటు పుస్తకాల్లో చేత్తో రాసింది. చైతన్యపురిలోని ఒక డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేయించింది. శోధ్‌గంగలో పెట్టడానికి యూనికోడ్ ప్రతి కావాలని గ్రంథాలయం అడగడంతో, ఈ మార్చిలో ఆ డీటీపీ వారే ఫాంటు మార్చి వర్డ్‌లో అతికించారు. ఆ మూడు గంటలు అతికించడానికి పట్టినవి. మార్పిడిలో చెడిన ఒత్తులు ఇప్పటికీ 40వ పేజీలో కనిపిస్తాయి, దయచేసి చూడండి. అను ఫాంటు ఫైళ్లు, వాటి తేదీలతో సహా, ఈ లేఖకు జతచేసిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.

ఇక తేదీల విషయం. మూడో అధ్యాయం తొలి ప్రతి 2022 ఆగస్టు 17న పరిశోధనా సలహా సంఘం ముందుకు వచ్చింది. అందులో 140 ఆరోపాలున్నాయి. నా ఎర్రసిరా దిద్దుబాట్లు, సభ్యుల సంతకాలతో ఆ ప్రతి మా శాఖ ఫైల్లో భద్రంగా ఉంది. ఛాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చింది 2022 నవంబరు 30న. మిగతా 72 ఆరోపాలు ఆ తర్వాతివే, ఆ సంగతి దాచను. వాటికి ఆమె క్షేత్ర పర్యటన నోటు పుస్తకాలు, 38 గంటల ఆడియో ఉన్నాయి. ప్రతి ఆరోపం చివర ఉన్న సంఖ్య ఏ రికార్డింగులో ఎన్నో నిమిషమో చెబుతుంది. ప్యానెల్ తమకు నచ్చిన పది సంఖ్యలు ఎంచుకుని వినవచ్చు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ‘పన్నె’, ‘అచ్చు’ రెండూ ఒకే పరికరమని, ఒకే ఆరోపం కింద పెట్టమని నేనన్నాను. స్వాతి ఒప్పుకోలేదు. ‘సార్, అచ్చు అతకడం అంటారు గానీ పన్నె అతకడం అని ఎవరన్నా అంటారా?’ అని అడిగింది. వారం తర్వాత పుట్టపాక నుంచి మూడు రికార్డింగులు తెచ్చి వినిపించింది. నేను తగ్గాను. ఇప్పుడు అవి రెండు ఆరోపాలు. ఆ వాదన గ్రంథం 118వ పేజీలో ఉంది, నా పేరు మర్యాదగా తప్పించింది.

ఇంకొక సంగతి. యంత్రంతో రాయించాలనుకునే విద్యార్థి మొదట రాయించేది పూర్వ పరిశోధనల సమీక్షను. స్వాతి సమీక్షాధ్యాయానికి అదే రిపోర్టులో వచ్చింది 3 శాతం. సారూప్యత మొత్తం 6 శాతం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపు సారూప్యతకు చర్య లేదు. ఆ నిబంధనల్లోని శాతాలు సారూప్యతకు సంబంధించినవి. ఏఐ శాతాన్ని తెచ్చి ఆ గడుల్లో కూర్చోబెట్టడానికి వాటిలో ఆధారం లేదు.

నేను నా విద్యార్థులను గుడ్డిగా వెనకేసుకొచ్చే మనిషిని కానని మీకు తెలుసు. 2016లో నా విద్యార్థి ఒకరు ఒక అధ్యాయాన్ని వేరే గ్రంథం నుంచి ఎత్తి రాస్తే, సంతకం పెట్టనని మీకు ముందుగా రాసింది నేనే. స్వాతి రాస్తున్నప్పుడు నేను పక్కన కూర్చోలేదు, ఏ గైడూ కూర్చోడు. కానీ నాలుగున్నరేళ్లుగా ఆమె వాక్యం ఎక్కడ తడబడుతుందో, ఏ మాట దగ్గర మొండికేస్తుందో నాకు తెలుసు.

నా విన్నపం: ఆ శాతాన్ని సాక్ష్యంగా పరిగణించకుండా, ఈ ఆధారాలు పరిశీలించండి. ఇంకా సందేహం ఉంటే ఆమెను పిలిచి, 212లో మీరు అడిగిన పదాన్ని కాగితం మీద అక్కడికక్కడే వివరించమనండి. నేను గది బయటే ఉంటాను. అది ఈ నెలలోనే జరిగితే మేలు. గ్రంథం ఆగి ఇప్పటికే ఆరు వారాలైంది, జూలైలో ఆమె హాజరు కావలసిన అధ్యాపక ఇంటర్వ్యూకి కనీసం సమర్పణ రసీదైనా చూపించాలి.

ప్యానెల్ నిర్ణయం ఏదైనా, కారణాలతో లిఖితపూర్వకంగా ఆమెకూ నాకూ తెలియజేయగలరు.

భవదీయుడు,
ఎం. రామచంద్రం
ఆచార్యులు, తెలుగు శాఖ
పరిశోధన పర్యవేక్షకుడు