కాంట్రాక్ట్ ఉద్యోగానికి నా అంగీకారం: ఫీల్డ్ కోఆర్డినేటర్, రాయగడ

మేడమ్ గారికి నమస్కారం,

మీరు పంపిన ఆఫర్ లెటర్ చదివాను. ఉద్యోగానికి ఒప్పుకుంటున్నాను. జూలై 1న చేరతాను.

నాకు అర్థమైనది రాస్తున్నాను, తేడా ఉంటే చెప్పండి. కాంట్రాక్ట్ జూలై 1 నుంచి డిసెంబర్ 31 వరకు, 6 నెలలు. నెలకు 32,000 రూపాయలు, టీడీఎస్ పోను. నెలాఖరున నేను బిల్లు పంపితే 7 పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. గుణుపురం, కొరాపుట్ తిరిగిన బస్సు, రైలు ఖర్చులు టికెట్లు చూపిస్తే అదే బిల్లుతో ఇస్తారు.

పర్మనెంట్ చేసే విషయంలోనే చిన్న సందేహం. ఫోన్లో మీరు నవంబర్‌లోనే రివ్యూ చేసి, డిసెంబర్ 15లోపు నిర్ణయం చెబుతామన్నారు. లెటర్ రెండో పేజీలో మాత్రం 'కాంట్రాక్ట్ ముగిశాక పరిశీలిస్తాం' అని ఉంది. పర్మనెంట్ అయితే జీతం 38,000, పీఎఫ్ ఉంటుందని, మళ్లీ ప్రొబేషన్ ఉండదని కూడా అన్నారు. ఈ మాటలన్నీ లెటర్‌లో చేర్చి పంపగలరా? మీ మీద నమ్మకం లేక కాదండీ. ఇంతకుముందు ఒకచోట నోటిమాట నమ్మి, 'ఇంకో మూడు నెలలు' అంటూనే ఏడాది గడిపాను.

సవరించిన లెటర్ రాగానే సంతకం చేసి, స్కాన్ కాపీతో పాటు పాన్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ పంపుతాను.

మరో మాట, రథయాత్ర రోజు ఒక్కటి సెలవు కావాలి. ఆ రోజు మా ఊళ్లో ఎలాగూ ఏ షాపువాడూ సర్వేకి దొరకడు.

ఇట్లు,
సుజాత
రాయగడ