పన్నెండు దాటితే పడిపోయే సర్వర్

గాజువాకలో మేం నెట్‌వర్క్ చూసే చిన్న క్లినిక్ ఒకటుంది, పట్టుమని ఇరవై మంచాలు కూడా ఉండవు. నెల రోజులుగా అక్కడ అర్ధరాత్రి దాటగానే బిల్లింగ్ పడిపోవడం, ఓ పావుగంటకి దానంతటదే లేవడం. పగలు వెళ్లి చూస్తే ఏముంటుంది, అన్నీ బుద్ధిగా పనిచేస్తుంటాయి. కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ పోయిందని మా సార్ తేల్చేసి కొత్తదానికి కొటేషన్ కూడా పంపేశారు. కొత్తగా చేరిన తేజకి మాత్రం ఒకటే డౌటు, పాడైన స్విచ్ టైమ్ చూసుకుని మరీ పడిపోతుందా?

ఓ రాత్రి రిసెప్షన్‌లోనే కూర్చున్నాడు, సర్వర్ పలుకుతోందో లేదో చూసే పింగ్ పెట్టుకుని, దోమలు కొట్టుకుంటూ. పన్నెండు దాటిందో లేదో:

```
Reply from 192.168.1.50: bytes=32 time<1ms TTL=64
Request timed out.
Reply from 192.168.1.50: bytes=32 time=3ms TTL=255
```

బిల్లింగ్ పోయింది, పింగ్ మాత్రం వస్తూనే ఉంది. చాలామంది ఇక్కడే "నెట్‌వర్క్ బానే ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్లని అడగండి" అని చేతులు దులుపుకుంటారు. తేజ కళ్లు చివరి అంకె మీద ఆగాయి. ఆ TTL ఒక్కో రకం మెషీన్‌కి ఒక్కోలా మొదలవుతుంది, దారిలో రౌటర్ దాటితేనే తగ్గుతుంది. అది లినక్స్ సర్వర్, సాయంత్రం నుంచీ 64 అనే చెబుతోంది, అదే స్విచ్ మీద ఉన్నది ఉన్నట్టుండి 255 ఎందుకంటుంది? ఏ అడ్రస్‌కి ఏ మెషీన్ పలుకుతోందో చూపించే `arp -a` కొట్టాడు. ఆ అడ్రస్ ఎదురుగా ఉన్నది సర్వర్ నెట్‌వర్క్ కార్డుకుండే మాక్ నంబర్ కాదు, ఇంకేదో. తయారీ కంపెనీని చెప్పే దాని మొదటి ఆరు అక్షరాలు వెతికితే ఓ ప్రింటర్ కంపెనీ పేరొచ్చింది.

మెట్లెక్కి వార్డులోకి పరిగెత్తాడు.

"సిస్టర్, ఇప్పుడు ప్రింటర్ ఏమైనా ఆన్ చేశారా?"

"రోజూ చేస్తాను బాబూ. పన్నెండు దాటాక వార్డులో ఎంతమంది ఉన్నారో లిస్టు తియ్యాలి కదా. తీసేసి ఆపేస్తాను, ఒకటే గోల పెడుతుంది."

పాత లేజర్ ప్రింటర్, యూఎస్‌బీతో వార్డు కంప్యూటర్‌కి తగిలించి ఉంది. కానీ వెనక దుమ్ము పట్టిన లాన్ కేబుల్ కూడా గోడ సాకెట్‌లోనే ఉంది, ఎవరు పెట్టారో వాళ్లకే తెలియాలి. కాన్ఫిగరేషన్ పేజీ తీసి చూస్తే సర్వర్‌దే ఆ 192.168.1.50, మాన్యువల్‌గా పెట్టింది. ఇది ఆన్ అవగానే సర్వర్‌కి వెళ్లాల్సినవన్నీ దీనికొస్తున్నాయన్నమాట. పోయిన నెల కొత్త సర్వర్ పెట్టినప్పుడు మావాళ్లు ఆ నంబర్‌కి పింగ్ కొట్టి, జవాబు రాలేదు కాబట్టి ఖాళీ అనుకుని ఇచ్చేశారు. పట్టపగలు ఆపేసి ఉన్న ప్రింటర్ ఎక్కడ పలుకుతుంది!

"అది పీకేస్తే నా లిస్టు రాదేమో బాబూ?"

"వస్తుంది సిస్టర్, మీది వేరే వైరు."

కేబుల్ పీకాడు. కాసేపటికి కింద బిల్లింగ్ తెరుచుకుంది, పైన లిస్టూ వచ్చింది.

పొద్దున్నే సార్ ఫోన్. "తేజా, డాక్టర్ గారు స్విచ్‌కి ఒప్పుకున్నారయ్యా!"

"అవసరం లేదు సార్, ఒక కేబుల్ పీకేశాను, సరిపోయింది."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "అయితే ఆ కొటేషన్ సంగతేదో ఆయనకి నువ్వే చెప్పు."