ఏడేళ్ల తర్వాత, వైవా అయిపోయింది

నల్గొండ బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద నా పీహెచ్‌డీ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క పుస్తకంలో చదవకముందే మా నాయనమ్మ వంగని మోకాళ్లలో చూశాను. ఇవాళ ఎగ్జామినర్ గారు "ఈ ఊళ్లే ఎందుకు తీసుకున్నావమ్మా?" అని అడిగితే, మ్యాపు చూపించాల్సింది పోయి ఒక్క నిమిషం గొంతు పట్టేసింది.

మూడో ఏడు రీడింగులన్నీ తప్పని తేలినప్పుడు, మానేస్తానని లెటర్ రాసుకొని వెళ్లాను. మా గైడ్ మేడం దాన్ని మడిచి సొరుగులో పెట్టి, "ముందు ఎలక్ట్రోడ్ మళ్లీ కాలిబ్రేట్ చెయ్. ఇది తర్వాత చదువుతా" అన్నారు. ఇప్పటికీ చదవలేదట. మేడం, మీ రుణం తీరేది కాదు.

"ఇంకా చదువేనా?" అన్న ప్రతి ఒక్కరికీ నా బదులు జవాబు చెప్పిన నాన్నకు, నాలుగో చాప్టర్ రాసిన రాత్రుళ్లు పాపను భుజాన వేసుకొని తిరిగిన మా ఆయనకు థ్యాంక్స్ అంటే చాలా చిన్న మాట. (ఫార్మాటింగ్ కూడా ఆయనే. ఒప్పుకోవాలి.)

అమ్మకు ఫోన్ చేసి డాక్టరునయ్యానంటే, "మంచిగైంది బిడ్డా, ఇగ ఇప్పుడన్నా టైముకు తిను" అంది.

తింటున్నానమ్మా. క్యాంటీన్ సమోసా, మూడోది.