అమ్మ పట్టుకున్న రొట్టెలు

అందరికీ నమస్కారం. అత్తా, మామా, పెద్దమ్మా, చిన్నాయనా, మా కోవూరు వీధి వాళ్లంతా ఇంత ఎండలో వచ్చినారు, చాలా సంతోషం.

మా అమ్మకు ఈరోజుతో అరవై నిండినాయి. పొద్దున్నే ఈ షామియానా చూసి, "షష్టిపూర్తి మగవాళ్లకు గదా చేసేది, నాకెందుకమ్మే ఈ గోల" అనింది. నాయన షష్టిపూర్తి నాడు పక్కన కూర్చోమంటే సగం సేపు వంటవాళ్ల దగ్గరే ఉండింది, సాంబారులో ఉప్పు చూస్తా. అందుకే ఈరోజు కుర్చీ పక్కన అన్నను కాపలా పెట్టినాం. అన్నా, కదలనియ్యబాక!

నాకు గుర్తుండే అమ్మ అంటే ముందు కుట్టుమిషన్ చప్పుడే. నాయన బస్సు డ్యూటీకి పోతే రాత్రి ఏ వేళకు వచ్చేదీ తెలియదు. అమ్మ ముందు వసారాలో జాకెట్లు కుట్టేది. నేను మిషన్ పక్కనే చాప మీద పుస్తకం పెట్టుకుని గట్టిగా చదవాల. నా గొంతు ఆగితే మిషన్ ఆగేది. "ఏందిమే, నిద్రపోయినావా?" అనేది. మళ్లీ నేను మొదలుపెడితే మిషన్ మొదలయ్యేది. పదో తరగతి సాంఘికశాస్త్రం మొత్తం నాకన్నా అమ్మకే బాగా వచ్చి ఉంటుంది. పరీక్ష రోజు బస్సెక్కిస్తా, "ఆ మూడో పాఠంలో చివరి ప్రశ్న ఇంకా తడబడతా ఉండావు, చూసుకో" అని చెప్పింది. అదే ప్రశ్న వచ్చింది. నిజంగా వచ్చింది!

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నేను మద్రాసులో ఉండా. పడుగుపాడు కాడ రైలు కట్ట కొట్టుకుపోయింది, రోడ్డు తెగింది, ఇంటికి రావడానికి దారి లేదు. ఫోను కలిస్తే ఏడుస్తా అడిగినా, "అమ్మా, ఎట్టుండారు, ఏం తీసుకుని మేడెక్కినారు?" అని. "మీ సర్టిఫికెట్లు కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టి పైకి చేర్చినాం. ఆవకాయ జాడీ కూడా" అనింది. మరి నగలో? "అయ్యో, బీరువాలోనే ఉండాయి" అనింది! నాయన మోకాలి లోతు నీళ్లలో మళ్లీ దిగాల్సి వచ్చింది. ఆ ఆవకాయ మాత్రం ఆ ఏడాదంతా తిన్నాం.

ఇంక అసలు సంగతి. ఏటా మొహర్రంలో రొట్టెల పండగకు అమ్మ బారాషహీద్ దర్గాకు పోతుందని మీ అందరికీ తెలుసు. తలమీద కొంగేసుకుని స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకుంటుంది, కోరిక తీరితే మరుసటేడు వదులుతుంది. అన్నకు ఉద్యోగం రొట్టె. నాకు చదువు రొట్టె. అన్న వాళ్ల పాపకు ముందు సంతానం రొట్టె. నాయన గుండె ఆపరేషను ఏడాది ఆరోగ్యం రొట్టె. నాకు పెళ్లి కుదరని రోజుల్లో ఒకే సాయంత్రం ముగ్గురి దగ్గర మూడు పెళ్లి రొట్టెలు పట్టుకుంది. "మూడు రొట్టెలకు ముగ్గురు అల్లుళ్లు వస్తే ఎట్టమే?" అన్నాడు నాయన. ఒక్కరే వచ్చినారు, అదుగో, ఆ చివర నవ్వతా ఉండారు.

మొన్న రాత్రి కూర్చుని ఈ రొట్టెలన్నీ లెక్కపెట్టినా. ఎవరెవరి పేర్లో వచ్చినాయి. అమ్మా, నీ కోసం ఒక్కటి కూడా పట్టుకోలేదే! మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేక గోడ పట్టుకుంటా ఉంటావు, "వయసొచ్చింది గదా" అంటావు. ఆ మాట నాకు నచ్చలా అమ్మా. ఎప్పటికీ నచ్చదు.

ఇంకో సంగతి మీకు చెప్పాల. రాత్రి మేమంతా పడుకున్నాక ఈమె లేచి, వంటవాళ్లున్నా సరే, మామిడికాయేసి చేపల పులుసు కాచింది. "మర్నాటికే గదా పులుసుకు రుచి" అంట. తన పుట్టినరోజుకు తనే వండుకునే మనిషిని ఎవరాపుతారు? ఆ పులుసు ఇప్పుడు మీ విస్తళ్లలోకి వస్తుంది. మొదటి ముక్క అమ్మకు పెట్టినాకే అందరికీ. తలకాయ నాకిష్టమని ఇన్నేళ్లు నమ్మించింది, ఈసారి నడిముక్క ఆమెదే.

అమ్మా, ఈ ఏడు రొట్టెల పండక్కి నువ్వు చెరువులో దిగబాక. గట్టున నాయన పక్కన కూర్చో. కొంగేసుకుని నేను దిగుతా, నీ పేరు మీద ఆరోగ్యం రొట్టె నేను పట్టుకుంటా. మరుసటేడు ఇద్దరం కలిసి పోయి వదులుదాం.

రా, కేకు కొయ్యి. అన్నా, ఇప్పుడు లెయ్యనీ.