ఎఫ్‌డీనా, షేర్లా, మ్యూచువల్ ఫండ్లా? డిపాజిటర్ల సమావేశంలో బ్రాంచి మేనేజర్ ప్రసంగం

పెద్దలకు, అమ్మలకు, అందరికీ నమస్కారం.

ఈ నెలలో డిపాజిట్ మెచ్యూర్ అయ్యేవాళ్లే ఈ హాల్లో ఎక్కువమంది ఉన్నారు. కౌంటర్ దగ్గర మీరంతా అడుగుతున్నది ఒకటే: "రెన్యూ చేయమంటారా, తీసి ఫండ్‌లో పెట్టమంటారా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలి? వడ్డీ ఎంత, లాభం ఎంత అన్నది దాని తర్వాత మాట.

ముందు మీ చేతిలో ఉన్న ఎఫ్‌డీ సంగతి చూద్దాం. ఎఫ్‌డీ అంటే మీరు బ్యాంకుకు ఇచ్చిన అప్పు. వేసిన రోజున రాసిన వడ్డీ గడువు తీరేదాకా మారదు. లక్ష రూపాయలు 7 శాతం చొప్పున ఐదేళ్లకు వేశారనుకోండి. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసి, చివరికి సుమారు 1,41,478 రూపాయలు చేతికి వస్తాయి. బ్యాంకుకే ఏదైనా అయితే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి 5 లక్షలు. ఇది ఒక్కో డిపాజిట్‌కు అనుకోకండి. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఉన్న సేవింగ్స్, ఎఫ్‌డీ, ఆర్‌డీ, అన్ని బ్రాంచీలవీ, అసలు, వడ్డీ అన్నీ కలిపి 5 లక్షలు. అంతకు మించి ఉన్నవాళ్లు రెండు మూడు బ్యాంకుల్లో విడివిడిగా పెట్టుకుంటే మంచిది. నా బ్రాంచికి డిపాజిట్ తగ్గినా సరే, ఈ మాట చెప్పక తప్పదు.

ఇక లోటు ఎక్కడ? ధరల దగ్గర, పన్ను దగ్గర. ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఈ రోజు లక్షకు వచ్చే సరుకు ఐదేళ్లకు 1,27,600 అవుతుంది. మీ 1,41,478లో నిజంగా మిగిలింది ఆ పైన ఉన్న కాస్తే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకైతే 7 శాతం వడ్డీలో సెస్‌తో కలిపి పన్ను పోగా 4.8 శాతమే చేతికి వస్తుంది. అంటే ధరల వేగాన్ని కూడా అందుకోవడం లేదు. చాలామంది "టీడీఎస్ కోశారు కదా, పన్ను అయిపోయింది" అనుకుంటారు. అయిపోలేదు. ఏడాదికి వడ్డీ 50 వేలు దాటితే, సీనియర్ సిటిజన్లకు లక్ష దాటితే, బ్యాంకు 10 శాతం కోస్తుంది. మీ శ్లాబు ఎక్కువైతే మిగతాది రిటర్న్‌లో మీరే కట్టాలి.

మధ్యలో తీస్తే ఏమవుతుందో కూడా వినండి. మూడేళ్లకు 7 శాతం చొప్పున వేసి ఏడాదికే తీశారనుకోండి. అప్పుడు 7 శాతం రాదు. మీరు వేసిన రోజున ఏడాది డిపాజిట్‌కు ఏ రేటు ఉందో అది తీసుకుని, దానిలోంచి పెనాల్టీ కోస్తారు. ఆ రేటు 6.5, పెనాల్టీ 1 శాతం అనుకుంటే మీకొచ్చేది 5.5. అందుకే 5 లక్షలు ఒకే రసీదు చేయించకండి. లక్ష చొప్పున ఐదు చేసి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదేళ్ల గడువులు పెట్టండి. ఏటా ఒకటి చేతికొస్తుంది. అవసరం పడితే ఒక్కటే విరుగుతుంది, మిగతా నాలుగూ కదలవు. కొద్ది నెలల అవసరమైతే అసలు విరగ్గొట్టొద్దు, ఆ డిపాజిట్ మీదే లోన్ తీసుకోండి. పన్ను మినహాయింపు కోసం వేసిన ఐదేళ్ల డిపాజిట్‌కు మాత్రం ఈ రెండు దారులూ లేవు. అది మధ్యలో తీయడానికి వీల్లేదు, దాని మీద లోనూ రాదు.

షేర్ల గురించి రెండు మాటలు. షేరు కొంటే మీరు అప్పిచ్చినవారు కాదు, ఆ కంపెనీలో వాటాదారు. లాభమొస్తే మీ వాటా పెరుగుతుంది, మునిగితే అసలే పోవచ్చు. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 9 వేల కిందికి జారింది. మళ్లీ ఆ 21 వేల దగ్గరకు రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది. మధ్యలో కూతురి పెళ్లికో, ఆపరేషన్‌కో అమ్మాల్సి వచ్చినవాళ్లకు ఆ కోలుకోవడం వల్ల ఒరిగిందేమీ లేదు. సగం పడిన డబ్బు మళ్లీ మొదటికి రావాలంటే రెట్టింపు కావాలని గుర్తుంచుకోండి. బ్యాలెన్స్ షీట్ చదివే ఓపిక, పడినా తట్టుకునే మిగులు ఉన్నవాళ్లే నేరుగా షేర్లలోకి వెళ్లాలి. ఫోన్‌కు వచ్చే టిప్పులు నమ్మి ఎవరూ వెళ్లొద్దు.

మ్యూచువల్ ఫండ్ దగ్గర కాస్త ఆగుదాం, గందరగోళమంతా ఇక్కడే. చాలామంది డబ్బు ఒకచోట చేర్చి, ఫండ్ సంస్థ షేర్లో బాండ్లో కొంటుంది. మీకు యూనిట్లు వస్తాయి. యూనిట్ ధరే ఎన్ఏవీ. సిప్‌లో నెలకు 5 వేలు కడితే, ఎన్ఏవీ 50 ఉన్న నెల 100 యూనిట్లు, 40కి పడిన నెల 125 యూనిట్లు వస్తాయి. రెండు నెలల్లో 10 వేలకు 225 యూనిట్లు, సగటు ధర 44 రూపాయల 44 పైసలు. పడిన నెలలో ఎక్కువ యూనిట్లు రావడమే సిప్ చేసే మేలు. జనం సరిగ్గా ఆ నెలలోనే భయపడి ఆపేస్తారు. అలాగని సిప్ నష్టం రానివ్వదని కాదు, మార్కెట్ పడితే సిప్ డబ్బూ పడుతుంది.

"డెట్ ఫండ్ అంటే ఎఫ్‌డీలాంటిదే కదా?" అని అడుగుతున్నారు. కాదు. డెట్ ఫండ్ బాండ్లు కొని కంపెనీలకు అప్పిస్తుంది, ఆ అప్పు తీసుకున్న కంపెనీ ఎగ్గొడితే ఎన్ఏవీ పడుతుంది. 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలను ఒక్కసారిగా నిలిపివేసింది, మదుపరులు తమ డబ్బు కోసం విడతలవారీగా ఎదురుచూడాల్సి వచ్చింది. పైగా 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్ల లాభానికి మీ శ్లాబు ప్రకారమే పన్ను. షేర్లలో పెట్టే ఫండ్లకు వేరే లెక్క: ఏడాది దాటాక అమ్మితే, ఏడాదికి లక్షా పాతిక వేలు దాటిన లాభం మీద 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, చాలా పథకాల్లో దానికి ముందే బయటికి వచ్చినందుకు కోసే ఎగ్జిట్ లోడ్ కూడా తోడవుతుంది.

ఖర్చు కూడా చూడండి. ఒకే ఫండ్‌లో రెగ్యులర్, డైరెక్ట్ అని రెండు ప్లాన్లు ఉంటాయి. రెగ్యులర్‌లో అమ్మినవారికి కమిషన్ వెళ్తుంది. మా బ్రాంచిలో అమ్మితే మా బ్యాంకుకూ వస్తుంది, దాచడానికేమీ లేదు. లక్ష రూపాయలు 20 ఏళ్లకు ఏటా 10 శాతం చొప్పున 6.73 లక్షలు అవుతుందనుకుంటే, ఖర్చుకు 1 శాతం పోయి 9 మిగిలితే 5.60 లక్షలే. అంత తేడా. సొంతంగా చూసుకోగలిగినవాళ్లు డైరెక్ట్ తీసుకోవచ్చు. సలహా కావాలంటే రెగ్యులర్ తీసుకోండి, కానీ ఏడాదికోసారి ఆ సలహా నిజంగా వస్తోందా అని అడగండి. ఇంకో మాట, బ్యాంకు కౌంటర్‌లో కొన్నంత మాత్రాన ఫండ్‌కు బ్యాంకు గ్యారంటీ ఉండదు, డిపాజిట్ ఇన్సూరెన్సూ వర్తించదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆరు నెలల ఇంటి ఖర్చు, మూడేళ్లలోపు కట్టాల్సిన ఫీజులు, పెళ్లి ఖర్చు, ఇంటి అడ్వాన్సు: ఇవన్నీ ఎఫ్‌డీలోనే ఉండాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. ఏడేళ్లు, పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బులో కొంత, సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌గా పెట్టవచ్చు. ఎంత పెట్టాలి? ఏ రోజైనా అది సగమైనా మీ ఇంట్లో ఏ పనీ ఆగకూడదు, అంతే పెట్టండి. పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేని పెద్దలు ఎవరో చెప్పారని ఎఫ్‌డీ విరిచి షేర్లలో పెట్టొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

వెళ్లేముందు మీ రసీదు ఒకసారి బయటికి తీయండి. మెచ్యూరిటీ తేదీ చూడండి. "ఆటో రెన్యువల్" అని ఉంటే, మీరు రాకపోయినా అదే గడువుకు, ఆ రోజున్న రేటుకు డిపాజిట్ మళ్లీ పడిపోతుంది. నామినీ నమోదైందో లేదో చూడండి, 2025 నవంబరు నుంచి నలుగురిదాకా పెట్టుకోవచ్చు. భార్యాభర్తల పేరు మీద ఉన్న డిపాజిట్ అయితే, ఒకరు పోయాక మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవడానికి ఇద్దరూ ముందుగానే సంతకం చేసిన అనుమతి కావాలి. అది లేకపోతే వారసులందరి సంతకాల కోసం తిరగాలి, అదీ డబ్బు అత్యవసరమైన రోజుల్లో. ఆ ఫారాలు ఎడమవైపు బల్ల మీద ఉన్నాయి. ఇద్దరూ కలిసి వచ్చినవాళ్లు ఈ రోజే సంతకాలు చేసి వెళ్లండి. మా సిబ్బంది సాయంత్రం ఐదు దాకా అక్కడే ఉంటారు.