కుర్చీ మారితే మారిన జీతం: మానవ మూలధన సిద్ధాంతంపై ఒక విమర్శ

మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఒక పీజీలో ఉంటాడు. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివాడు. అతని రూమ్మేట్‌ది కూడా అదే కాలేజీ, అదే బ్యాచ్. మార్కుల్లో పెద్ద తేడా లేదు. ఇద్దరూ ఒకే ఆఫీసులో, ఒకే ఫ్లోర్‌లో, ఒకే టీమ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. రూమ్మేట్ కంపెనీ పేరోల్ మీద ఉన్నాడు, నెలకు 43 వేలు చేతికొస్తాయి. మావాడు థర్డ్ పార్టీ పేరోల్, అంటే వెండర్ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి, 24 వేలు. మెడలో వేసుకునే ఐడీ కార్డు తాడు రంగు కూడా వేరు. ఇరవై నెలల తర్వాత మావాడికి కన్వర్షన్ వచ్చింది, అంటే కంపెనీ పేరోల్ మీదికి మారాడు. జీతం 41 వేలయింది. శుక్రవారం సాయంత్రం మూసిన బగ్ లిస్టునే సోమవారం పొద్దున మళ్ళీ తెరిచాడు. మేనేజర్ మారలేదు, పని మారలేదు. ఆ రెండు రోజుల సెలవులో అతను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు.

జీతాల తేడాకు కారణం ఏమిటని అడిగితే మా లేబర్ ఎకనామిక్స్ పాఠాల్లో మొదట వచ్చే జవాబు మానవ మూలధన సిద్ధాంతం. చదువుకున్న మనిషిని ఖరీదైన యంత్రంతో ఆడమ్ స్మిత్ 1776లోనే పోల్చాడు. దాన్ని పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టినవారు థియోడర్ షుల్జ్, గ్యారీ బెకర్, జేకబ్ మిన్సర్. బెకర్ పుస్తకం 1964లో, మిన్సర్ పుస్తకం 1974లో వచ్చాయి. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. చదువు ఒక పెట్టుబడి. చదువుకునే రోజుల్లో ఫీజు కడతాం, సంపాదించగలిగిన డబ్బు వదులుకుంటాం. బదులుగా మన పనితనం పెరుగుతుంది. యజమానులు పనివాళ్ళ కోసం ఒకరితో ఒకరు పోటీ పడతారు కాబట్టి, పెరిగిన ఆ పనితనానికి తగ్గట్టే జీతం ఇస్తారు. మిన్సర్ దీన్ని ఒక సమీకరణంలో పెట్టాడు:

```
ln w = a + bS + cX + dX²
```

ln అంటే లాగరిథమ్, w జీతం, S చదివిన ఏళ్ళు, X పనిలో అనుభవం; a, b, c, d లెక్కలో తేలే సంఖ్యలు. b ఎంతో తెలిస్తే ఒక ఏడాది చదువుకు వచ్చే ప్రతిఫలం తెలిసినట్టే అంటారు.

చదువు వల్ల సంపాదన పెరగదని నేను అనడం లేదు. పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఇండోనేషియా ప్రభుత్వం 1973, 1978 మధ్య అరవై వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఎక్కువ బడులు కట్టిన ప్రాంతాల పిల్లలను, తక్కువ కట్టిన ప్రాంతాల పిల్లలను పోల్చి ఎస్తేర్ డఫ్లో 2001లో చూపింది ఏమిటంటే, ఒక ఏడాది అదనపు చదువుకు సుమారు 6.8 నుంచి 10.6 శాతం ప్రతిఫలం ఉంది. తెలివైనవాళ్ళే ఎక్కువ చదువుతారు, అందుకే ఎక్కువ సంపాదిస్తారు అనే అనుమానం ఇక్కడ చాలావరకు తీరిపోతుంది. ఎకరం అమ్మి కొడుకును బెంగళూరు పంపిన తండ్రి లెక్క తప్పు కాదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. చదువు సంపాదనను పెంచుతుందనడం ఒక మాట. మనుషుల మధ్య ఉన్న జీతాల తేడాలకు మూలకారణం వాళ్ళ నైపుణ్యాల్లో ఉన్న తేడాయే అనడం వేరొక మాట. మొదటిదానికి దొరికిన ఆధారాన్ని రెండోదానికి వాడేస్తున్నారు. అమెరికాలో తెల్లజాతి పురుషుల 1959 సంపాదనల మీద మిన్సర్ చేసిన లెక్కలోనే చూడండి. చదివిన ఏళ్ళు ఒక్కటే పెడితే తేడాల్లో సుమారు 7 శాతమే అర్థమైంది. అనుభవం కలిపితే అది 29 శాతం దాకా పెరిగింది. ఏడాదిలో ఎన్ని వారాలు పని దొరికిందో కూడా కలిపాకే సగం దాటింది. పని ఎన్ని వారాలు దొరుకుతుందన్నది పూర్తిగా మనిషి చేతిలో ఉండే విషయం కాదని అడ్డా మీద పొద్దున్నే నిలబడే మేస్త్రీని అడిగితే చెబుతాడు.

మిగిలిన తేడాను ఏమంటారు? కనబడని సామర్థ్యం అంటారు. ఇక్కడే సిద్ధాంతం తన చుట్టూ తాను తిరుగుతుంది. ఇతనికి జీతం ఎందుకు ఎక్కువ? పనితనం ఎక్కువ కాబట్టి. పనితనం ఎక్కువని ఎలా తెలిసింది? జీతం ఎక్కువ కాబట్టి. పనితనాన్ని జీతంతో సంబంధం లేకుండా కొలవనంతకాలం ఈ వాదన తప్పని తేల్చే మార్గమే లేదు. తప్పని తేల్చే వీలు లేని వివరణను నేను వివరణగా ఒప్పుకోలేను.

అయితే మనిషిని అలాగే ఉంచి, చుట్టూ ఉన్నది మాత్రం మార్చి చూడొచ్చు. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ మన దేశంలో ఆ పని చేశారు. పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం వేరు: కొన్ని అగ్రవర్ణ హిందువుల పేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లింల పేర్లు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు 0.67 వంతు, ముస్లిం పేరుకు 0.33 వంతు. కాగితం మీద మూలధనం ఒక్కటే. పేరే వేరు.

వివక్ష సంగతి బెకర్‌కు తెలియక కాదు. 1957లోనే దాని మీద పుస్తకం రాశాడు. వివక్ష చూపే యజమాని ఎక్కువ ఖర్చు భరించాలి, కాబట్టి పోటీలో నష్టపోతాడని ఆయన తర్కం. అదే నిజమైతే పోటీ ఎక్కువగా ఉన్న ప్రైవేటు రంగంలో ఈ తేడా కరిగిపోయి ఉండాలి. కానీ ఇదే బెంగళూరులోని ఐసెక్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన మదేశ్వరన్, అట్టెవెల్‌తో కలిసి జాతీయ నమూనా సర్వే లెక్కలతో 2007లో చూపింది వేరు: సమాన అర్హతలున్న ఇతరులతో పోలిస్తే ఎస్సీ, ఎస్టీల వేతనాలు వివక్ష వల్ల సుమారు 15 శాతం తక్కువ. పైగా ఈ తరహా లెక్కలన్నీ సమాన అర్హతలకు అసమాన వేతనాన్నే వివక్షగా పట్టుకుంటాయి. అర్హతే ఎందుకు అసమానంగా వచ్చిందో, బడి ఎవరి వాడకు దగ్గరగా ఉందో అడగవు. అందుకే ఆ 15 శాతం నాకు తక్కువ అంచనాగానే కనిపిస్తుంది.

డిగ్రీ పనితనాన్ని పెంచదు, అప్పటికే ఉన్న సామర్థ్యాన్ని యజమానికి చూపే సంకేతం మాత్రమే అని మైకేల్ స్పెన్స్ 1973లో చేసిన వాదన తెలిసిందే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు 60 శాతం మార్కులు లేనివాళ్ళను పరీక్షకే కూర్చోనివ్వకపోవడం చూస్తే అందులో నిజం ఉందనిపిస్తుంది. కానీ స్పెన్స్ కూడా చివరికి జీతానికి కారణాన్ని మనిషి లోపలే వెతుకుతాడు. నాకు అక్కడ తృప్తి లేదు.

పీణ్య వైపు, మైసూరు రోడ్డు వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలకు వెళ్ళే ఆడవాళ్ళ సంగతి చూద్దాం. మా ఇంటి పక్కన ఉండే అక్కది హిందూపురం. పద్నాలుగేళ్ళుగా టైలర్. కాలర్ కుట్టడం, కఫ్ ఎక్కించడం, జేబు పెట్టడం, ఏ మిషన్ మీద కూర్చోబెట్టినా చేయగలదు. లైన్‌లో ఎవరైనా రాకపోతే సూపర్‌వైజర్ మొదట పిలిచేది ఆమెనే. ఆమె జీతం నిరుడు చేరిన అమ్మాయి కంటే నెలకు కొన్ని వందలే ఎక్కువ. మిన్సర్ సమీకరణంలో X పద్నాలుగు, దాని ప్రతిఫలం దాదాపు సున్నా. టైలరింగ్‌లో నేర్చుకునేది త్వరగా అయిపోతుంది కాబట్టి అనుభవానికి విలువ లేదని సిద్ధాంతం సర్దిచెబుతుంది. అలాగైతే కొత్త అమ్మాయికి ఆమె పక్కన కూర్చుని నేర్పించడం ఎందుకు? గంటకు ఇన్ని పీసులని టార్గెట్ పెట్టేటప్పుడు ఆమె వేగాన్ని కొలతగా తీసుకోవడం ఎందుకు? ఆమె నైపుణ్యం ఉత్పత్తిలోకి వెళుతోంది, జీతంలోకి రావడం లేదు. ఎందుకంటే జీతాన్ని నిర్ణయించేది ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనం, అది ఇచ్చి ఊరుకునే అలవాటున్న పరిశ్రమ, ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళినా అదే రేటు దొరికే పరిస్థితి. యజమానులు పనివాళ్ళ కోసం పోటీ పడతారన్న మాట ఇక్కడ వర్తించదు.

కర్ణాటకలో కనీస వేతనం జోన్‌ను బట్టి మారుతుంది. అదే చొక్కా, అదే మిషన్, అదే చేయి అయినా ఫ్యాక్టరీ బెంగళూరు దాటి చిన్న తాలూకాకు వెళితే చట్టం అడిగే మొత్తం తగ్గుతుంది. జీవన వ్యయం తక్కువ కదా అంటారు. నిజమే కావచ్చు. కానీ జీవన వ్యయం కుట్టేవాళ్ళ నైపుణ్యంలో భాగం కాదు. పీఎఫ్ డబ్బు తీసుకోవడంపై కేంద్రం కొత్త ఆంక్షలు పెడితే 2016 ఏప్రిల్‌లో ఈ నగరపు గార్మెంట్ కార్మికులు వేల సంఖ్యలో రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వాళ్ళ ఆదాయంలో ఒక ముక్కను కాపాడింది ఆ బలం. దానికి సమీకరణంలో అక్షరం లేదు.

ఇక నా మొదటి ఉదాహరణకు ఎదురుగా వచ్చే వాదనల్లో బలమైనది ఒకటుంది. కాంట్రాక్టు కాలం ఒక పరీక్ష. మావాడి సామర్థ్యం కంపెనీకి ఇరవై నెలల్లో తెలిసింది, తెలిశాక తగిన జీతం ఇచ్చింది అంటారు. కానీ ఆ టీమ్‌లో కన్వర్షన్ కోసం చూస్తున్నవాళ్ళు ముగ్గురు. ఏప్రిల్ బడ్జెట్‌లో మంజూరైన పోస్టులు రెండు. మూడో కుర్రాడి పని బాగాలేదని ఎవరూ అనలేదు, హెడ్‌కౌంట్ లేదన్నారు. అతను ఇప్పటికీ పాత తాడుతోనే ఆఫీసుకు వెళుతున్నాడు, మావాడు చేసే పనే చేస్తున్నాడు. కుర్చీలు ఎన్ని ఉండాలో ముందు నిర్ణయమైంది, ఎవరు కూర్చోవాలన్నది ఆ తర్వాత. చదువు, నైపుణ్యం క్యూలో మన చోటును మారుస్తాయి, క్యూ చివర ఎన్ని కుర్చీలున్నాయో, ఒక్కో కుర్చీకి ఎంత జీతమో మార్చవు. అమెరికా వెళ్ళిన మనవాళ్ళ సంగతీ ఇంతే. హైదరాబాద్‌లో, బెంగళూరులో చేసిన పనినే అక్కడ చేసి కొన్ని రెట్లు ఎక్కువ తీసుకుంటారు. ఆ తేడాను విమానంలో నేర్చుకున్న నైపుణ్యంతో వివరించలేం.

కాబట్టి సమీకరణాన్ని పారేయమని నేను కోరడం లేదు, అందులోకి కుర్చీని తీసుకురమ్మంటున్నాను. మన దేశంలో 2017-18 నుంచి జరుగుతున్న శ్రామిక శక్తి సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, జీతగాళ్ళను ఈ ప్రశ్నలు అడుగుతోంది: రాతపూర్వక ఒప్పందం ఉందా, ఉంటే ఎంత కాలానికి, జీతంతో కూడిన సెలవు ఉందా, సామాజిక భద్రత ఉందా, సంస్థ ఎలాంటిది. కులం, మతం, లింగం కూడా అందులో ఉన్నాయి. వీటిని చదువు ప్రతిఫలాన్ని శుద్ధి చేయడానికి పక్కన పెట్టే అంశాలుగా కాక, జీతాన్ని నిర్ణయించే కారణాలుగా తీసుకుని లెక్క మొదలుపెట్టాలి. ఒకే చదువు, ఒకే అనుభవం ఉండి, ఒప్పందం మాత్రమే వేరైన ఇద్దరి మధ్య తేడా ఎంతో ముందు తేల్చాలి. దాన్ని కనబడని సామర్థ్యం అని పిలవాలనుకునేవాళ్ళు ఆ సామర్థ్యాన్ని జీతపు చీటీ చూడకుండా కొలిచి చూపించాలి.